ఎగుమతి ప్యాకింగ్ లిస్ట్: కార్టన్ల బరువు, కొలతలు, ప్యాలెట్ నంబర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో స్టీలు సామాను, తోలు వస్తువులు, మెషిన్ పార్టులు కొద్దికొద్దిగా బయటి దేశాలకు పంపే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కంటైనర్ నిండా సరుకు ఉండదు. రెండు మూడు ప్యాలెట్లు కట్టి, పదిమంది సరుకు కలిపి పంపే ఎల్‌సీఎల్ కంటైనర్‌లో వేస్తారు. పారీస్ కార్నర్‌లో డాక్యుమెంట్ల పని చేసే మాలాంటివాళ్లను ఇన్‌వాయిస్ గురించి అడిగేది తక్కువ. ప్యాకింగ్ లిస్ట్ దగ్గరకొచ్చేసరికి మాత్రం ఫోన్ల మీద ఫోన్లు. అందుకని ఒకే సరుకు తీసుకుని, మొదటి పెట్టె నుంచి చివరి ప్యాలెట్ దాకా లెక్క కట్టి చూపిస్తూ జవాబులు రాస్తున్నాను.

సరుకు ఇది. అంబత్తూరులో తయారై డర్బన్ వెళ్లాల్సిన స్టెయిన్‌లెస్ స్టీల్ సామాను. మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్లు 720, 300 మి.లీ. గ్లాసులు 2,940. మొత్తం 55 కార్టన్లు, 3 ప్యాలెట్లు. అంకెలు లెక్క సులువుగా అర్థం కావడానికి నేను ఎంచుకున్నవే, పద్ధతి మాత్రం రోజూ చేసేదే.

ఇన్‌వాయిస్‌లో అన్నీ ఉన్నాయి కదా, మళ్లీ ప్యాకింగ్ లిస్ట్ ఎందుకు?

ఏ వస్తువు ఎన్ని, ఎంత ధర అన్నది ఇన్‌వాయిస్ చెబుతుంది. అది ఏ పెట్టెలో ఉంది, ఆ పెట్టె ఎంత బరువు, ఏ ప్యాలెట్ మీద ఉంది అన్నది ప్యాకింగ్ లిస్ట్ చెబుతుంది. కస్టమ్స్ అధికారి 55 పెట్టెల్లో ఒకటి తెరిచి చూడాలనుకుంటే, 37వ పెట్టెలో గ్లాసులు ఉండాలా, టిఫిన్లు ఉండాలా అన్నది ఈ కాగితం చూసే తేల్చుకుంటారు. డర్బన్‌లో గోడౌన్ కుర్రాడు సరుకు దించుకునేదీ దీన్ని చూసే.

రెండూ వేరువేరుగా ఉండి తీరాలని లేదు. 2015లో విదేశీ వాణిజ్యం చూసే ప్రభుత్వ శాఖ డీజీఎఫ్‌టీ ఎగుమతికి తప్పనిసరి కాగితాలను మూడుకు తగ్గించినప్పుడు, వాటిలో ఒకదాన్ని ‘కమర్షియల్ ఇన్‌వాయిస్ కమ్ ప్యాకింగ్ లిస్ట్’ అనే పెట్టింది. విడిగా ఇచ్చినా తీసుకుంటారు. నేనైతే విడిగానే చేయమంటాను. ప్యాకింగ్ లిస్ట్ లారీ డ్రైవర్ నుంచి, సరుకును కంటైనర్‌లోకి ఎక్కించే గోడౌన్ సీఎఫ్ఎస్‌లో కూలీ దాకా పదిమంది చేతుల్లో తిరుగుతుంది. మీ ధరలు వాళ్లందరికీ తెలియాల్సిన పని లేదు.

నెట్, గ్రాస్ బరువుల్లో దేనిలో ఏది కలపాలి?

చిక్కులన్నీ పుట్టేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూద్దాం. బరువు మూడు మెట్ల మీద ఉంటుంది: వస్తువు, కార్టన్, ప్యాలెట్. ఏ మెట్టు బరువు ఆ మెట్టుకు విడిగా రాసుకోవాలి.

టిఫిన్ క్యారియర్ ఒక్కోటి 650 గ్రాములు. పెట్టెకు 24. అంటే ఒక కార్టన్ నెట్ బరువు 15.6 కిలోలు. అట్టపెట్టె, లోపలి అడ్డ అట్టలు, పాలిథిన్ కవర్లు, టేపు అన్నీ కలిపి 1.4 కిలోలు. కాబట్టి కార్టన్ గ్రాస్ 17 కిలోలు. ఇలాంటివి 30.

గ్లాసు 120 గ్రాములు. పెట్టెకు 120. నెట్ 14.4, ప్యాకింగ్ 1.2, గ్రాస్ 15.6 కిలోలు. ఇలాంటివి 24 నిండు పెట్టెలు. మిగిలిన 60 గ్లాసులు ఇరవై అయిదో పెట్టెలోకి వెళ్తాయి. దాని నెట్ 7.2 కిలోలు. సగం ఖాళీ కాబట్టి కదలకుండా కాగితం కుక్కుతారు, అందుకే గ్రాస్ కాటా మీద 8.6 వచ్చింది.

టిఫిన్ గ్రాస్ 15.6 అనుకోవడం, గ్లాసుల గ్రాస్ 14.4 అనుకోవడం, అంటే నెట్‌నే గ్రాస్ గడిలో వేసేయడం చాలామంది చేసేదే. మన సరుకులో ఒకదాని నెట్, ఇంకోదాని గ్రాస్ రెండూ 15.6 అయ్యాయి చూడండి. కాపీ పేస్ట్ చేస్తూ పోతే ఇలాంటి చోటే చెయ్యి జారుతుంది.

ఇక మూడో మెట్టు. చెక్క ప్యాలెట్ 18 కిలోలు, స్ట్రాపింగ్, స్ట్రెచ్ ఫిల్మ్ కలిపి ఇంకో కిలో. ప్యాలెట్‌కు 19 చొప్పున మూడింటికి 57 కిలోలు. దీన్ని కార్టన్ల బరువులో పంచి కలిపేయకండి. కింద చూపినట్టు విడి వరుసగా రాయండి.

```
Pallet  Ctn No.  Goods                      Qty   Net kg  Gross kg
P1      1-20     SS tiffin carrier, 3-tier   480   312.0   340.0
P2      21-30    SS tiffin carrier, 3-tier   240   156.0   170.0
P2      31-40    SS tumbler, 300 ml         1200   144.0   156.0
P3      41-54    SS tumbler, 300 ml         1680   201.6   218.4
P3      55       SS tumbler, 300 ml           60     7.2     8.6
Cartons total                                      820.8   893.0
Pallets + strapping (3 x 19.0)                              57.0
Total gross                                                950.0
```

సీఎఫ్ఎస్‌లో ప్యాలెట్‌తో సహా కాటా వేస్తే 950 దగ్గర చూపించాలి. డర్బన్‌లో ప్యాలెట్ విప్పేసి పెట్టెలు తూచితే 893 రావాలి. ఈ రెండు అంకెలూ కాగితం మీద ఉంటే, రేపు ఎవరు ఎక్కడ తూచినా 57 కిలోలు ఏమయ్యాయన్న ప్రశ్న రాదు.

వీటితో పాటు ప్యాలెట్ వారీగా కూడా బరువు రాయండి: పీ1 359, పీ2 345, పీ3 246. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడికీ, కంటైనర్‌లో సరుకు సర్దేవాడికీ కావాల్సింది మొత్తం కాదు, ఈ విడి అంకెలే.

ఒక్క పెట్టె తూచి, దాన్ని 55తో గుణిస్తే సరిపోదా?

ఒకే రకం సరుకు, ఒకే రకం అట్టపెట్టె, కచ్చితమైన లెక్క ఉంటే గుణకారంతో బండి నడుస్తుంది. అయినా ప్రతి రకంలో నాలుగైదు పెట్టెలైనా తూచి చూడాలి. స్టీలు షీటు మందంలో వెంట్రుకవాసి తేడా వచ్చినా 24 టిఫిన్ల మీద అది కాటాకు తెలిసిపోతుంది. వానాకాలంలో అట్ట తేమ పీల్చి బరువెక్కుతుంది. నవంబరులో చెన్నై గోడౌన్‌లో వారం రోజులు నిలవ ఉన్న పెట్టె, మేలో తూచిన పెట్టె ఒకేలా తూగవు.

నిండని పెట్టెను మాత్రం విడిగా తూచి తీరాలి, విడి వరుసలో రాసి తీరాలి. మన 55వ పెట్టెను మిగతావాటితో కలిపి గుణించేస్తే మొత్తంలో 7 కిలోలు ఎక్కువ పడతాయి. 60 గ్లాసులు కూడా ఎక్కువ చూపిస్తారు. బరువు తేడా ఎవరూ పట్టించుకోకపోవచ్చు, 60 గ్లాసులు తక్కువ వచ్చాయని కొనుగోలుదారు మాత్రం తప్పకుండా పట్టించుకుంటాడు.

తూచిన స్లిప్పులు తేదీతో సహా దాచుకోండి. వాటి పని కింద ఇంకో ప్రశ్నలో వస్తుంది.

కార్టన్ కొలతలు ఎక్కడ తీసుకోవాలి? పెట్టెలు అమ్మినవాడి బిల్లులో ఉన్నవి రాయొచ్చా?

రాయకూడదు. అట్టపెట్టెలు చేసేవాళ్లు మామూలుగా చెప్పేది లోపలి కొలత. ప్యాకింగ్ లిస్ట్‌లో ఉండాల్సింది బయటి కొలత, అదీ సరుకు నింపి టేపు వేసిన తర్వాతది. అయిదు పొరల అట్టకు మందం ఉంటుంది, రెండు పక్కలా కలిపితే సెంటీమీటరు దాటుతుంది. పైగా నింపాక పొట్ట ఉబ్బుతుంది.

ఈ సెంటీమీటరుకు ఎంత కథ ఉందో మన సరుకులోనే చూడండి. ప్యాలెట్ 120 × 100 సెం.మీ. పెట్టె అడుగు బయటి కొలత 60 × 40 ఉంటే, ఒక వరుసలో సరిగ్గా 5 పెట్టెలు కూర్చుంటాయి. రెండు పెట్టెలు పొడవు వారీగా పెడితే 120 × 40 నిండుతుంది. మిగిలిన 120 × 60లో మూడింటిని అడ్డం తిప్పి పెడతాం. ఎక్కడా ఖాళీ ఉండదు, బయటికి పొడుచుకురాదు.

అదే 60 × 40 లోపలి కొలత అనుకోండి. బయటికి 61 × 41 దాటుతుంది. వరుస 123 × 102కు పోతుంది. ప్యాలెట్ అంచు దాటి పెట్టె మూలలు గాల్లో వేలాడతాయి, మీద బరువు పడగానే మూలలు నలుగుతాయి. పెట్టె బలమంతా మూలల్లోనే ఉంటుంది కాబట్టి కింది వరుస కుంగుతుంది. అందుకే పెట్టెలు ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘బయటి కొలత 60 × 40’ అని రాతపూర్వకంగా చెప్పండి.

రాసే వరుస ఎప్పుడూ పొడవు × వెడల్పు × ఎత్తు. ఎత్తు చివర. పై ముఖం ఎటు ఉండాలో ఆ వరుసను బట్టే తెలుస్తుంది. కొలత సెంటీమీటర్లలోనా, మిల్లీమీటర్లలోనా అన్నది గడి పైన రాయండి, లేకపోతే అంగుళాలనుకునేవాడు ఎక్కడో ఒకడు ఉంటాడు.

సీబీఎం కార్టన్ల లెక్కన వేయాలా, ప్యాలెట్ లెక్కన వేయాలా?

రెండూ వేయండి. కానీ ఫ్రైట్ పడేది ప్యాలెట్ లెక్కన.

కార్టన్ల లెక్క: టిఫిన్ పెట్టె 60 × 40 × 30, అంటే 0.072 ఘనపు మీటర్లు. 30 పెట్టెలకు 2.16. గ్లాసుల పెట్టె 60 × 40 × 25, అంటే 0.06. 25 పెట్టెలకు 1.50. మొత్తం 3.66 సీబీఎం.

ప్యాలెట్ లెక్క: చెక్క ప్యాలెట్ ఎత్తు 15 సెం.మీ. పీ1 మీద టిఫిన్ పెట్టెలు నాలుగు వరుసలు, ఎత్తు 120, ప్యాలెట్‌తో 135. అంటే 1.62 సీబీఎం. పీ2 మీద కింద టిఫిన్లు రెండు వరుసలు, పైన గ్లాసులు రెండు వరుసలు: 60 + 50 + 15 = 125 సెం.మీ., అంటే 1.50. పీ3 మీద గ్లాసులు మూడు వరుసలు, 90 సెం.మీ., 1.08. మొత్తం 4.20 సీబీఎం.

3.66కు కొటేషన్ తీసుకుని 4.20కి బిల్లు వచ్చిందని ఫార్వార్డర్‌తో తగువు పడేవాళ్లను చూస్తూనే ఉంటాను. ఫార్వార్డర్ తప్పేమీ లేదు. ఎల్‌సీఎల్ ఫ్రైట్ ఒక సీబీఎం లేదా ఒక టన్ను, ఏది ఎక్కువైతే దాని మీద. మన బరువు 0.95 టన్ను, ఘనపరిమాణం 4.20. కాబట్టి 4.20 మీదే పడుతుంది. స్టీలు కదా, బరువు మీదే పడుతుందేమో అని అనుకుంటారు. లోపల డొల్లగా ఉండే సామాను, అది అలా తూగదు.

సీఎఫ్ఎస్‌లో టేపు పట్టి కొలిచేవాడు అన్నిటికంటే బయటికి పొడుచుకొచ్చిన చోటు కొలుస్తాడు. పీ1 ఉబ్బి 123 × 103 × 136 అయితే 1.62 కాస్తా 1.72 అవుతుంది. పైన వేరే సరుకు పెట్టకూడదని స్టిక్కర్ వేస్తే, పైన వృథా అయ్యే ఖాళీకి కూడా డబ్బు అడిగేవాళ్లుంటారు. ఆ స్టిక్కర్ వేసే ముందే ఫార్వార్డర్‌ను అడగడం మంచిది.

ప్యాకేజీల సంఖ్య 3 అని రాయాలా, 55 అని రాయాలా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకే ఎక్కువ డబ్బు ఇరుక్కుపోతుంది.

ప్యాకింగ్ లిస్ట్‌లో రెండూ ఉండాలి: `3 PALLETS CONTAINING 55 CARTONS`. అసలు సంగతి, షిప్పింగ్ బిల్లులో ప్యాకేజీల సంఖ్య గడిలో ఏది వేస్తే, పదిమంది సరుకు కలిపి పంపే కన్సాలిడేటర్ దాఖలు చేసే ఎగుమతి మానిఫెస్టులోనూ అదే ఉండాలి. దాన్నే ఈజీఎం అంటాం. మీ తరఫున కస్టమ్స్ పని చూసే సీహెచ్ఏ 3 ప్యాలెట్లని వేసి, కన్సాలిడేటర్ 55 కార్టన్లని వేస్తే కస్టమ్స్ సిస్టమ్‌కు అవి రెండు వేరే సరుకులు. ఈజీఎం ఎర్రర్ పడుతుంది. ఓడ వెళ్లిపోతుంది, సరుకు డర్బన్ చేరుతుంది, కొనుగోలుదారు డబ్బులు కూడా పంపేస్తాడు. మీ ఐజీఎస్‌టీ రీఫండ్, డ్రాబ్యాక్ మాత్రం కదలవు. ఎందుకు రాలేదని నెలల తర్వాత వెతికితే 3, 55 అన్న తేడా బయటపడుతుంది.

కాబట్టి ప్యాకింగ్ లిస్ట్ మెయిల్ చేసేటప్పుడు సీహెచ్ఏకూ, ఫార్వార్డర్‌కూ ఒకే మెయిల్ పంపండి. ‘ప్యాకేజీల సంఖ్య 3, రకం ప్యాలెట్, లోపల 55 కార్టన్లు’ అని మెయిల్‌లోనే రాయండి. సరుకు పోయాక కూడా ఊరుకోకుండా ఐస్‌గేట్‌లో షిప్పింగ్ బిల్లు నంబరు కొట్టి ఈజీఎం స్టేటస్ చూసుకోండి.

అలాగైతే ఎక్కడైనా 3 అనే రాసేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

బిల్ ఆఫ్ లేడింగ్‌లో 3 అని మాత్రమే ఉంటే, సరుకు పోయిన రోజున నష్టపోయేది మీరే, లేదా మీ కొనుగోలుదారు. హేగ్-విస్బీ నియమాల కింద ఓడ కంపెనీ బాధ్యతకు పరిమితి ఉంది: ప్యాకేజీకి 666.67 ఎస్‌డీఆర్, లేదా కిలోకు 2 ఎస్‌డీఆర్, ఏది ఎక్కువైతే అది. ఎస్‌డీఆర్ అంటే ఐఎంఎఫ్ లెక్కగట్టే ఒక ప్రమాణం.

బిల్ ఆఫ్ లేడింగ్‌లో 3 ప్యాలెట్లని మాత్రమే ఉంటే పరిమితి సుమారు 2,000 ఎస్‌డీఆర్. కిలోల లెక్కన 1,900, కాబట్టి 2,000 వర్తిస్తుంది. ‘3 ప్యాలెట్లు, లోపల 55 కార్టన్లు’ అని ఉంటే, ప్యాలెట్‌లో ఉన్నట్టు రాసిన పెట్టెల సంఖ్యనే ప్యాకేజీల సంఖ్యగా తీసుకోవాలని ఆ నియమాలే చెబుతున్నాయి. అప్పుడు పరిమితి 36,000 ఎస్‌డీఆర్ దాటుతుంది. అంత డబ్బు వస్తుందని కాదు, అసలు నష్టం ఎంతో అంతవరకే. కానీ పరిమితి అడ్డురాదు. ఆ ఒక్క వాక్యం బిల్ ఆఫ్ లేడింగ్‌లోకి వచ్చేది మీ ప్యాకింగ్ లిస్ట్ నుంచే. డ్రాఫ్ట్ బీఎల్ వచ్చినప్పుడు ఓకే కొట్టే ముందు ఇది ఉందో లేదో చూడండి.

కార్టన్ నంబర్లు, ప్యాలెట్ నంబర్లు ఎలా వేయాలి?

కార్టన్లకు 1 నుంచి 55 దాకా ఒకే వరుస. ప్రతి ప్యాలెట్‌కూ మళ్లీ 1 నుంచి మొదలుపెట్టకండి. అలా చేస్తే సరుకులో మూడు ‘1వ పెట్టె’లు ఉంటాయి, అధికారి అడిగినప్పుడు ఏ ఒకటి చూపిస్తారు? పెట్టె మీద `37/55` అని, ప్యాలెట్ మీద `P2/3` అని ఉంటే ఎవరికీ ఏమీ చెప్పనవసరం లేదు.

మార్కులు ఒక పక్కకే వేస్తే, ప్యాలెట్ కట్టాక ఆ పక్క లోపలికి తిరిగి ఉండొచ్చు. పక్కపక్కనే ఉన్న రెండు ముఖాల మీద వేయించండి. స్ట్రెచ్ ఫిల్మ్ చుట్టిన తర్వాత ప్యాలెట్ స్టిక్కర్ ఫిల్మ్ పైన అంటించాలి. లోపల అంటిస్తే సీఎఫ్ఎస్ వెలుతురులో కనపడి చావదు.

ఇంకొకటి. రెండు రకాలు కలిసిన ప్యాలెట్ ఒక్కటే ఉండేలా చూసుకోండి. మన సరుకులో అది పీ2. దాని మీద బరువైన టిఫిన్లు కింద, గ్లాసులు పైన. ప్యాకింగ్ లిస్ట్‌లో పీ2కు రెండు వరుసలు ఉండాలి, ‘మిక్స్‌డ్’ అని ఒక్క ముక్క రాసి వదిలేయకూడదు.

సరుకు వివరం ఎంత రాయాలి? ‘కిచెన్ ఐటమ్స్’ సరిపోదా?

సరిపోదు. పెట్టె తెరిచినవాడు లోపల ఉన్నది చూసి కాగితంలో ఉన్నదిదే అని గుర్తుపట్టేంత ఉండాలి. వస్తువు దేనితో చేసింది, ఏ వస్తువు, సైజు ఎంత: `Stainless steel tiffin carrier, 3-tier`. ఇన్‌వాయిస్‌లో ఐటమ్ కోడ్ ఉంటే అదే కోడ్ ఇక్కడా వేయండి. హెచ్ఎస్ కోడ్ రాస్తే ఇన్‌వాయిస్, షిప్పింగ్ బిల్లులతో ఒకేలా ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీల్ వంటింటి సామానుకు మొదటి ఆరు అంకెలు 7323.93. స్టీలు గ్రేడ్ 304 అని రాసే ముందు, మిల్లు సర్టిఫికెట్ మీ చేతిలో ఉందో లేదో చూసుకోండి. 202తో చేసిన సామానుకు 304 అని రాయడం కొనుగోలుదారుతో వివాదానికి పిలుపే.

బ్యాంకు చెల్లింపు హామీ, అంటే ఎల్‌సీ మీద పంపుతుంటే బ్యాంకు భయం వేరే ఉంటుంది. ఎల్‌సీలకు బ్యాంకులు పాటించే యూసీపీ 600 నియమాల ప్రకారం ఎల్‌సీలోని వివరంతో సరిపోలాల్సింది కమర్షియల్ ఇన్‌వాయిస్. ప్యాకింగ్ లిస్ట్ లాంటి మిగతా కాగితాల్లో వివరం సాధారణ పదాల్లో ఉండొచ్చు, ఎల్‌సీకి విరుద్ధంగా మాత్రం ఉండకూడదు. అంకెల్లోనూ అంతే: ఒక కాగితంలో గ్రాస్ 950, ఇంకోదానిలో 893 అని ఏ వివరణా లేకుండా ఉంటే బ్యాంకువాళ్లు డిస్క్రెపెన్సీ రాసేస్తారు. ప్యాలెట్ల 57 కిలోలు విడి వరుసగా రాయమన్నది ఇందుకు కూడా.

యూసీపీలో అయిదు శాతం ఎక్కువ తక్కువల సడలింపు ఉందని విని ధైర్యంగా 60 గ్లాసులు తగ్గించి పంపేవాళ్లున్నారు. పరిమాణం ఇన్ని పీసులు, ఇన్ని పెట్టెలు అని లెక్కలో చెప్పిన ఎల్‌సీకి ఆ సడలింపు వర్తించదు. ఎల్‌సీ 3,000 గ్లాసులని చెబితే 3,000 ఉండాలి.

మొత్తాలు కాలిక్యులేటర్‌లో ఒకటి, ఎక్సెల్‌లో ఒకటి వస్తున్నాయి. ఎందుకు?

గడిలో ఒక దశాంశం దాకానే చూపిస్తున్నా, ఎక్సెల్ లోపల పూర్తి అంకెనే పెట్టుకుని కూడుతుంది. కాగితం చూసి కూడేవాడికి కనిపించే అంకెలే దిక్కు. 7.25, 7.25 రెండూ 7.3, 7.3గా కనిపిస్తాయి, మొత్తం మాత్రం 14.5 వస్తుంది, 14.6 కాదు. ప్రతి వరుసనూ ముందే రౌండ్ చేసి, ఆ రౌండ్ చేసిన అంకెలనే కూడండి:

```
=ROUND(C2*D2,1)
```

ప్రింట్ తీశాక ఒకసారి చేత్తో కూడి చూడండి. పాత షిప్‌మెంట్ ఫైల్‌ను కాపీ చేసుకుని వాడుతుంటే, వరుసలు పెంచినప్పుడు మొత్తం ఫార్ములా ఆ వరుసలను కలుపుకుందో లేదో కూడా చూడండి. తప్పులు ఎక్కువగా దొరికేది అక్కడే.

చెక్క ప్యాలెట్ గురించి ప్యాకింగ్ లిస్ట్‌లో ఏమైనా రాయాలా?

దక్షిణాఫ్రికాతో సహా చాలా దేశాలు చెక్క ప్యాకింగ్‌కు ఐఎస్‌పీఎం 15 ముద్ర అడుగుతాయి. చెక్క లోపలి భాగం 56 డిగ్రీల సెల్సియస్ వేడిలో కనీసం 30 నిమిషాలు ఉండాలన్నది వేడి శుద్ధి ప్రమాణం. ప్యాలెట్ మీద గోధుమ కంకి గుర్తు, `IN`తో మొదలయ్యే కోడ్, `HT` అక్షరాలు కనిపించాలి. ప్యాకింగ్ లిస్ట్‌లో ‘3 వేడి శుద్ధి చేసిన చెక్క ప్యాలెట్లు, ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉంది’ అన్న అర్థంలో ఒక వాక్యం చాలు. ముద్ర ఉన్న పాత ప్యాలెట్‌కు విరిగిన చోట పచ్చి చెక్క కొట్టి బాగుచేసి ఇస్తారు, దాన్ని తీసుకోకండి. ఆ ముద్ర కొత్త చెక్కకు వర్తించదు. ప్లైవుడ్ ప్యాలెట్లకు ఈ బాధ లేదు.

వీజీఎం, ప్యాకింగ్ లిస్ట్ గ్రాస్ ఒకటేనా?

కాదు. 2016 జూలై 1 నుంచి సోలాస్ నియమం ప్రకారం ఇవ్వాల్సిన వీజీఎం అంటే కంటైనర్ ఖాళీ బరువుతో సహా మొత్తం. మీది ఎల్‌సీఎల్ కాబట్టి అది కన్సాలిడేటర్ చూసుకుంటాడు. కానీ అతను తూచే బదులు లెక్కగట్టి ఇస్తుంటే, ఆ లెక్కలో మీ 950 కూడా ఒక అంకె. మీరు 893 ఇస్తే అతని లెక్క అంతమేరకు తప్పుతుంది.

సీఎఫ్ఎస్‌లో తూకం 950కి బదులు 978 వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ముందు కంగారు పడకుండా తేడా ఏ మెట్టు మీద ఉందో వెతకండి. మూడు ప్యాలెట్లూ విడివిడిగా తూచమనండి. పీ1 359, పీ2 345 సరిగ్గా వచ్చి పీ3 ఒక్కటే 246 బదులు 274 చూపిస్తే, 28 కిలోల తేడా ఒక ప్యాలెట్ మీదే ఉంది. గ్లాసుల పెట్టెలు రెండు ఎక్కువ ఎక్కాయా అని చూడాలి. రెండు పెట్టెలైతే 31 దాకా ఉంటుంది, 28కి సరిపోదు. అంటే పెట్టెలు లెక్కపెట్టాలి, లేదా ఒకటి రెండు విప్పి చూడాలి. అదే తేడా మూడింటి మీదా తొమ్మిది పది కిలోల చొప్పున పంచుకుని ఉంటే, ప్యాలెట్లు పచ్చివో తడిసినవో అయ్యుంటాయి, లేదా అక్కడి కాటాలో తేడా ఉంటుంది. ప్యాలెట్ వారీ బరువు రాయనివాళ్లకు ఈ వెతుకులాట కుదరదు, 55 పెట్టెలూ విప్పుకోవాల్సిందే.

కారణం దొరికాక, లెట్ ఎక్స్‌పోర్ట్ ఆర్డర్ రాకముందే షిప్పింగ్ బిల్లులో సవరణ చేయించడం తేలిక. సరుకు వెళ్లిపోయాక కస్టమ్స్ చట్టం 149వ సెక్షన్ కింద సవరణ అడగాలి. అప్పుడు ఎగుమతి నాటికే ఉన్న కాగితాల ఆధారం చూపించాలి. తర్వాత టైప్ చేసి తెచ్చిన కొత్త ప్యాకింగ్ లిస్ట్‌తో పని జరగదు. ఫ్యాక్టరీలో ఆ రోజు తూచిన స్లిప్పులు దాచమన్నది ఇందుకే. సీఎఫ్ఎస్ ట్యాలీ షీటు కాపీ కూడా అడిగి తీసుకోండి.

సవరించిన లిస్ట్‌కు అదే నంబరు ఉంచి, ‘రివైజ్డ్’ అని, కొత్త తేదీ వేయండి. పాతది అందుకున్న ప్రతి ఒక్కరికీ కొత్తది పంపండి. చాలాసార్లు సీహెచ్ఏ దగ్గర కొత్తది, కొనుగోలుదారు దగ్గర పాతది ఉండిపోతుంది.

కొనుగోలుదారు తొందరపెడితే ఇదే సరుకు విమానంలో పంపాలి. అదే ప్యాకింగ్ లిస్ట్ వాడొచ్చా?

ప్యాలెట్లు తీసేసి విడి కార్టన్లుగా ఇస్తే కొత్తది చేయాలి. అప్పుడు ప్యాకేజీలు 55, గ్రాస్ 893, ప్యాలెట్ గడులు ఉండవు. విమానంలో ఘనపరిమాణ బరువును సెంటీమీటర్లలో పొడవు × వెడల్పు × ఎత్తు వేసి 6000తో భాగించి చూస్తారు. టిఫిన్ పెట్టెకు అది 12 కిలోలు, అసలు బరువు 17. గ్లాసుల పెట్టెకు 10, అసలు 15.6. కాబట్టి ఓడలో సీబీఎం మీద పడ్డ ఛార్జీ విమానంలో కిలోల మీద పడుతుంది. అక్కడ కొలత కంటే కాటానే ఎక్కువ జాగ్రత్తగా చూసుకోండి. మీనంబాక్కం కార్గోలో ప్యాలెట్‌తోనే ఇస్తే 57 కిలోల చెక్కకూ, ఫిల్ముకూ విమానం ఛార్జీ కట్టినట్టే.